నష్టం సగటున యాభై వేలు.. ప్రీమియం యాభై అయిదు వేలా?

పదో తరగతిలో సంభావ్యత పాఠం ముగిశాక పిల్లలకు ఒక లెక్క ఇచ్చాం. ఒక కుటుంబానికి మొత్తం రూ.9 లక్షల ఆస్తి ఉంది. అందులో 5 లక్షలు బట్టల కొట్టులోని సరుకు. ఏడాదిలో ఆ కొట్టుకు నిప్పంటుకునే అవకాశం పదింట ఒకటి. అంటుకుంటే సరుకంతా పోయి 4 లక్షలు మిగులుతాయి. బీమా ప్రీమియం రూ.55 వేలు. కట్టాలా, వద్దా?

నిజంగా కొట్లు అంత తరచుగా తగలబడవు. నోటితో చేసుకోగల లెక్క కావాలని అలా పెట్టాం.

పిల్లలు చకచకా చేశారు. 5 లక్షల్లో పదో వంతు 50 వేలు. ఇదే ఆశించిన నష్టం. ఇలాంటి కొట్లు చాలా ఉంటే, ఒక్కో కొట్టుకు సగటున పడే నష్టం ఇంత. బీమా వాళ్లు 55 వేలు అడుగుతున్నారు. ‘అయిదు వేలు ఎక్కువ తీసుకుంటున్నారు, కట్టొద్దు’ అని తరగతి తీర్పు చెప్పింది. ఆ సాయంత్రం పాఠశాలకు వచ్చిన ఒక తండ్రి కూడా అదే మాట అన్నారు. ఆయనకూ చిన్న కొట్టుంది. ‘ఏటా కడుతున్నా మాస్టారూ, ఏమీ జరగలేదు. ఆ డబ్బంతా బూడిదలో పోసినట్టే కదా?’

లెక్కలో తప్పు లేదు. కానీ అది రూపాయలను మాత్రమే లెక్కపెట్టింది. ఆ రూపాయలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడలేదు.

ఈ తేడాను సూత్రంగా రాసినవాడు గణితవేత్త డేనియల్ బెర్నూలీ. 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ పత్రికలో ఆయన వ్యాసం లాటిన్‌లో వచ్చింది. ఒకే మొత్తం లాభమైనా, బీదవాడికి ఇచ్చే మేలు ధనవంతుడికి ఇవ్వదన్నది ఆయన వాదం. మన ఆర్థికశాస్త్రంలో క్షీణోపాంత ప్రయోజనం అని చదివేది ఇదే. ఆస్తిని అడ్డంగా, దాని వల్ల కలిగే ప్రయోజనాన్ని నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే, గీత మొదట నిటారుగా లేచి, పోనుపోను వాలిపోతుంది. దీన్నే పుటాకార వక్రం అంటారు. పుటాకార కటకం గుర్తుకొచ్చి పిల్లలు తికమకపడతారు. బోర్లించిన గిన్నె అంచులా వంగే గీత అని చెబితే చాలు.

బెర్నూలీ దీనికి సంవర్గమానం వాడాడు. బడిలో వర్గమూలం సులువు, అదీ ఇలాగే వంగుతుంది. లక్షల్లో ఉన్న ఆస్తికి వర్గమూలమే దాని ప్రయోజనం అనుకుందాం. 9 లక్షలకు 3. నాలుగు లక్షలకు 2.

బీమా లేకపోతే పదింట తొమ్మిది వంతులు 3, ఒక వంతు 2. సగటు 2.9. కచ్చితంగా చేతిలో ఎంత ఉంటే 2.9 ప్రయోజనం వస్తుంది? దాని వర్గం 8.41, అంటే రూ.8 లక్షల 41 వేలు. నిప్పు భయంతో ఉన్న 9 లక్షల ఆస్తి, ఈ కుటుంబానికి ఏ భయమూ లేని 8.41 లక్షలతో సమానమన్నమాట. రెంటికీ తేడా 59 వేలు. ప్రీమియం అంతవరకూ ఉన్నా కట్టడం నష్టం కాదు. 55 వేలు కడితే మిగిలేది 8.45 లక్షలు. బేరం కుదిరినట్టే.

ఇక్కడ పిల్లలు తరచూ చేసే తప్పు ఒకటుంది. ముందు ఆస్తుల సగటు కట్టి (8.5 లక్షలు), తర్వాత వర్గమూలం తీస్తారు. సుమారు 2.915 వస్తుంది. అది 2.9 కంటే ఎక్కువ. గీత వంగి ఉండడం వల్లనే ఈ తేడా. తిన్నని గీతైతే ఏ వరుసలో చేసినా ఒకటే జవాబు, అప్పుడు 50 వేలకు మించి పైసా ఇవ్వనక్కర్లేదు. ఆశించిన నష్టం 50 వేలకూ, ఇవ్వగల గరిష్ఠం 59 వేలకూ మధ్య ఉన్న 9 వేలే ఈ కుటుంబపు నష్టభయానికి ధర.

బెర్నూలీ వ్యాసంలో కాయస్ అనే వర్తకుడి లెక్క ఉంది. అతను పీటర్స్‌బర్గ్ వాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొన్న సరుకు ఓడలో రావాలి. క్షేమంగా చేరితే 10 వేల రూబుళ్లు. ఆ కాలంలో నూరు ఓడల్లో అయిదు మునుగుతాయని అతనికి తెలుసు. అంటే ఆశించిన నష్టం 500. బీమాకు మాత్రం 800 అడుగుతున్నారు. దోపిడీ అని కాయస్ గొణుక్కుంటాడు. బీమా కట్టాలా వద్దా అన్నది అతని దగ్గర ఆ సరుకు కాక ఇంకేం ఉందన్న దానిమీద ఆధారపడుతుందని బెర్నూలీ అంటాడు. సంవర్గమానంతో లెక్కిస్తే గీటు 5,043 రూబుళ్ల దగ్గర పడింది. వేరే ఆస్తి అంతకంటే తక్కువుంటే 800 కట్టడమే తెలివి. ఎక్కువుంటే కట్టకుండా ఉండడం మేలు. అదే సూత్రంతో మేమూ వేసి చూశాం. వేరే వెయ్యి రూబుళ్లే ఉన్నవాడు దాదాపు 1,243 దాకా ఇవ్వవచ్చు. ఇరవై వేలున్నవాడు సుమారు 602 దాటితే ఇవ్వకూడదు. ఓడ ఒకటే, తుపానూ ఒకటే, ధర మాత్రం మనిషిని బట్టి మారింది.

మరి బీమా ఇచ్చేవాడి సంగతి? ఆ ఒక్క ఓడ బాధ్యతను 800కు తలకెత్తుకోవాలంటే కనీసం 14,243 రూబుళ్లు ఉన్నవాడై ఉండాలని బెర్నూలీ అదే లెక్కతో తేల్చాడు. వేల కొట్లకు బీమా చేసే కంపెనీ ఆస్తి ముందు ఒక్క కొట్టు సరుకు చిన్నది. అంత కొద్ది మేరలో దాని గీత దాదాపు తిన్నగానే ఉంటుంది. అందుకే 50 వేల కంటే కాస్త ఎక్కువైతే దానికి చాలు. బజారు మొత్తం ఒకే రాత్రి తగలబడితే మాత్రం ఈ మాట నిలవదు.

‘అయితే సార్, సెల్‌ఫోనుకూ బీమా తీసుకోవాలా?’ అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. అదే కుటుంబం, అదే 9 లక్షలు. ఫోను తెర పగిలితే 5 వేలు పోతాయి. అవకాశం పదింట ఒకటే. ఆశించిన నష్టం 500. వర్గమూలంతో చేస్తే ఇవ్వగల గరిష్ఠం 500 రూపాయల 63 పైసలు. నష్టభయం ఖరీదు 63 పైసలే! ఇంత చిన్న ముక్కలో ఏ వంపు గీతైనా తిన్నగానే కనిపిస్తుంది. అయినా ఫోను కొన్నప్పుడు అడిగిన బీమాకు తలూపి, కొట్టు బీమా మానుకునేవాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. ఆ ప్రవర్తనను ఈ గీత చెప్పలేదు. దాని హద్దు అక్కడే.

ఇంకో హద్దు ఉంది. వర్గమూలమా, సంవర్గమానమా అన్నది మనం ఎంచుకున్నదే. ఏ మనిషి మనసులోనూ ఆ గీత గీసి ఉండదు. అందుకే 59 వేలన్న అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. గీత ఏదైనా, అది వాలే గీతైనంతవరకు, గరిష్ఠం 50 వేలకు పైనే ఉంటుంది. అది మాత్రం ఖాయం.

అంతకంటే పెద్ద చిక్కు ఆ పదింట ఒకటి దగ్గరుంది. అవకాశం నిజానికి ఇరవైలో ఒకటే అయితే ఆశించిన నష్టం 25 వేలకు దిగుతుంది. సగటు ప్రయోజనం 2.95. దాని వర్గం 8.7025. కాబట్టి గరిష్ఠం రూ.29,750. అప్పుడు 55 వేలు కట్టడం తప్పే, తరగతి తీర్పే సరైనది. ఇది చూపించాక ఆ తండ్రి కాసేపు ఆలోచించి, ‘మా బజారులో ఈ ఇరవై ఏళ్లలో ఎన్ని కొట్లు కాలాయో మా నాన్నను అడగాలి’ అంటూ లేచారు.