చిట్టి మొహం పేజీకో తీరుగా ఎందుకు మారుతుంది?

అమ్మమ్మగారి ఊరికి వెళ్లిన ఏడేళ్ల చిట్టి కథ ఇది. 16 పేజీల బొమ్మల పుస్తకం. మొదటి ప్రతిని అయిదేళ్ల పాప చేతికిస్తే మూడో పేజీ దగ్గర ఆగి, ‘ఈ అక్క ఎవరు?’ అని అడిగింది. అక్కడున్నదీ చిట్టే. కంప్యూటర్ చేత బొమ్మలు వేయించేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. దీనికి చెప్పుకునే విరుగుళ్లలో సగం పని చేయవు.

అపోహ: వర్ణన పూసగుచ్చినట్టు రాస్తే మొహం మారదు.

చామనఛాయ, రెండు జడలు, ఊడిన ముందు పన్ను, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. ఈ మాటలకు సరిపోయే మొహాలు వేలల్లో ఉంటాయి. మోడల్ ప్రతిసారీ వాటిలో ఏదో ఒకటి వేస్తుంది. పక్కింటి పాపను ఎంత వర్ణించినా, ఆమెను చూడని చిత్రకారుడు ఆ మొహాన్నే గీయలేడు కదా.

అపోహ: సీడ్ నంబరు ఒకటే ఉంచితే మొహం ఒకటే వస్తుంది.

సీడ్ నిర్ణయించేది బొమ్మ మొదలయ్యే చుక్కల గందరగోళాన్ని మాత్రమే. ప్రాంప్టు, సెట్టింగులు కూడా మారకుండా ఉంటేనే అదే బొమ్మ మళ్లీ వస్తుంది. ‘చెరువు గట్టు’ తీసేసి ‘వంటిల్లు’ అని రాశారంటే ఆ చుక్కలు ఇంకో మొహంగా తేలతాయి. సీడ్‌కు వేరే ఉపయోగం ఉంది, అది కింద చెబుతాను.

అపోహ: లోరా శిక్షణకు ఎన్ని ఎక్కువ బొమ్మలిస్తే అంత మంచిది.

లోరా అంటే పెద్ద మోడల్‌ను కదపకుండా, దాని పక్కన చేర్చే చిన్న ఫైలు. మన పాత్ర ఎలా ఉంటుందో అందులో నేర్పుతాం. మా మొదటి ప్రయత్నంలో చిత్రకారిణి వేసిన 60 బొమ్మలిచ్చాం. దాదాపు అన్నిట్లోనూ చిట్టి పసుపు పరికిణీలో, ఎదురుగా చూస్తూ నవ్వుతోంది. ఫలితం: బడి యూనిఫాం అడిగినా పసుపే వచ్చింది, ఏడవమన్నా నవ్వింది. అన్ని బొమ్మల్లోనూ మారకుండా ఉండి, క్యాప్షన్‌లో పేరు లేనిదంతా చిట్టిలో భాగమనే మోడల్ నేర్చుకుంటుంది.

రెండోసారి 20 బొమ్మలే తీసుకున్నాం. ఎదురుగా, పక్కనుంచి, ముప్పావు మొహం, నవ్వు, ఏడుపు, అయిదారు రకాల బట్టలు. ఒక్కో బొమ్మకు క్యాప్షన్ ఇలా రాశాం:

```
chittibk, yellow parikini, near a well, laughing, side view
```

మొదటి మాట చిట్టికి మేం పెట్టిన గుర్తు. ఇంకెక్కడా అర్థం లేని మాట కావాలి. మిగతావి పేజీని బట్టి మారాల్సినవి. జడలు, పుట్టుమచ్చ, ముక్కు తీరు రాయలేదు. రాయకపోవడం వల్లే అవి ఆ గుర్తుకు అతుక్కుంటాయి.

అయినా పుట్టుమచ్చ ఒక బొమ్మలో ఎడమ బుగ్గకు, ఇంకో బొమ్మలో కుడి బుగ్గకు వచ్చింది. వెతికితే `flip_aug` అనే ఆప్షన్ ఆన్‌లో ఉంది. బొమ్మల్ని అద్దంలోలా తిప్పి కూడా నేర్పే ఆప్షన్ అది. తీసేస్తే మచ్చ కుదురుగా ఉంది.

శిక్షణ ఎక్కడ ఆపాలో తెలియడానికి మధ్యమధ్య ఫైలును భద్రపరచుకోవాలి. ఇక్కడ సీడ్ పనికొస్తుంది. ఒకే సీడ్‌తో, అవే నాలుగు ప్రాంప్టులతో ప్రతి ఫైలునూ పరీక్షించాలి. మచ్చ ఉంటూ పోతూ ఉంటే ఇంకా నేర్వలేదని, యూనిఫాం మీదికి పరికిణీ పసుపు ఎక్కితే అతిగా నేర్చిందని అర్థం.

అపోహ: శిక్షణ బాగుంటే దూరపు బొమ్మలోనూ మొహం కుదురుతుంది.

జాతర పేజీలో చిట్టి జనం మధ్య చిన్నగా ఉంది. అక్కడ మొహం చెదిరిపోయింది. మేం వాడిన స్టేబుల్ డిఫ్యూజన్‌లాంటి మోడళ్లు బొమ్మను నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతుకు కుదించి పని చేస్తాయి. 1024 పిక్సెళ్ల బొమ్మలో 64 పిక్సెళ్ల మొహానికి మిగిలేది అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గళ్లు. అందులో కళ్లు, పన్ను సందు, మచ్చ ఎలా పడతాయి? లోరాలో లోపం లేదు, చోటే చాలలేదు.

మొహం చుట్టూ మాస్క్ గీసి, ఆ ముక్కనే పెద్దది చేసి వేయించి, మళ్లీ అక్కడే అతికించాలి. ఇది ఇన్‌పెయింటింగ్‌లో ఒక పద్ధతి. ఆటోమేటిక్ 1111లో `Only masked` ఎంచుకుంటే చాలు. `Denoising strength` మాకు 0.4 దగ్గర కుదిరింది. బాగా పెంచితే తల ఇంకో వైపు తిరిగింది, బాగా తగ్గిస్తే చెదిరిన మొహం చెదిరినట్టే ఉంది.

అపోహ: కిందటి పేజీ బొమ్మను రిఫరెన్స్‌గా ఇస్తూ పోతే చాలు.

జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టవుతుంది. గడ్డం కొద్దికొద్దిగా సన్నబడి, పదో పేజీకి చిట్టి పన్నెండేళ్ల పిల్లయింది. ఏ పేజీకైనా మొట్టమొదటి బొమ్మనే ఇవ్వాలి. పోల్చి చూసుకోవడం కూడా దానితోనే. మేం 16 మొహాలూ కత్తిరించి, ఒకే సైజులో వరసగా పెట్టి చూశాం. పేజీలు తిప్పుతున్నప్పుడు మా కంట పడని గడ్డం, ఆ వరసలో చూడగానే తెలిసిపోయింది.