అప్లై చేశాక పాసైన పరీక్ష

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీకి క్లౌడ్ సపోర్ట్ ఉద్యోగం కోసం అప్లై చేశాడు. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికేషన్ ఉన్నవాళ్లకు ప్రాధాన్యమని ప్రకటనలో ఉంది. అప్పటికి వాడి దగ్గర అది లేదు. మూడు వారాల తర్వాత సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష పాసయ్యాడు. 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు, పాసవ్వాలంటే 1000కి 720 రావాలి. ఆ సంతోషంలో రిక్రూటర్‌కి మెయిల్ రాసి, "మావయ్యా, పంపేయనా?" అని నాకు చూపించాడు.

సబ్జెక్టులో Good News అని ఉంది. కింద ఎంత కష్టపడి చదివాడో మూడు పేరాలు. ఏ ఉద్యోగానికి అప్లై చేశాడో మాత్రం ఎక్కడా లేదు. ఆ రిక్రూటర్ చేతిలో ఒకేసారి ఎన్నో ఖాళీలుంటాయి. ఈ అబ్బాయి ఎవరో వెతుక్కోవాల్సి వస్తే ఆ మెయిల్ అక్కడే ఆగిపోతుంది. అందుకే కొత్త మెయిల్ వద్దని, అప్లికేషన్ అందిందని ఆమె పంపిన పాత మెయిల్‌కే రిప్లై ఇమ్మన్నాను. జాబ్ ఐడీ ఆ సబ్జెక్టులోనే ఉంది.

చివరికి వెళ్లిన మెయిల్ సారాంశం ఇంతే: "ఈ నెల 4న ఈ ఉద్యోగానికి అప్లై చేశాను. 25న ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ సర్టిఫికేషన్ వచ్చింది. మీ ప్రకటనలో అడిగారు కాబట్టి తెలియజేస్తున్నాను. ధ్రువీకరణ లింకు కింద ఉంది, కొత్త రెజ్యూమె జతచేశాను."

రెజ్యూమె మళ్లీ జతచేయడం తప్పనిసరి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది అప్లై చేసిన రోజు ఎక్కించిన కాపీయే. ఇంటర్వ్యూ చేసే మేనేజర్ చూసేదీ సాధారణంగా దాన్నే. సర్టిఫికెట్ ఫొటోకన్నా లింకు మేలు. క్రెడ్లీ బ్యాడ్జ్ లింకు నొక్కితే పేరు, ఇచ్చిన తేదీ, గడువు ముగిసే తేదీ కనిపిస్తాయి. ఇక్కడ మనవాళ్లకు ఒక చిక్కుంది. రెజ్యూమెలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, బ్యాడ్జ్‌లో గుర్తింపు కార్డులో ఉన్నట్టు పూర్తిగా వస్తుంది. ఇద్దరూ ఒకరేనా అనే అనుమానం రాకుండా వాడి రెజ్యూమెలోనూ పూర్తి పేరు పెట్టించాను.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి పూర్తిచేసిన కోర్సు వేరు, పరీక్ష రాసి తెచ్చుకున్న సర్టిఫికేషన్ వేరు. కోర్సు అయితే కోర్సనే రాయాలి. పరీక్షకు ఇంకా చదువుతుంటే ఆ సంగతి మెయిల్‌కి ఎక్కించకూడదు, ఫలితం వచ్చాకే రాయాలి. ప్రకటనలో అడగని చిన్న కోర్సులకు మెయిల్ అక్కర్లేదు.

రెండు రోజులకు జవాబొచ్చింది, కొత్త రెజ్యూమె మేనేజర్‌కి పంపానని. ఇంటర్వ్యూ పిలుపు ఇంకా రాలేదు. వాడు మళ్లీ మెయిల్ పెట్టలేదు, పెట్టొద్దనే చెప్పాను.