విదేశంలో ఉండగా సెలవు పొడిగింపు

అయినవాళ్లకు జబ్బు చేసిందని సెలవు పెట్టి విదేశం వెళ్తాం. రోగం అనుకున్న గడువులో తగ్గదు. ఇక్కడ సెలవు అయిపోవస్తుంది. అప్పుడేం చేయాలి? కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1972 నాటి సెలవు నియమాల ప్రకారం చెబుతాను. యానాంలోని పుదుచ్చేరి ప్రభుత్వోద్యోగులకూ ఇవే. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగులకు వేరే నియమాలున్నాయి. వారు తమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

బళ్లారిలో ఒక కేంద్ర కార్యాలయంలో పనిచేసే గుమాస్తా ఒకామె ఉన్నారనుకుందాం. మస్కట్‌లో ఉన్న అక్కగారికి పక్షవాతం వచ్చింది. ఈమె 2025 జూన్ 2 నుంచి జూలై 11 దాకా 40 రోజుల ఆర్జిత సెలవు, అంటే ఈ.ఎల్., తీసుకుని వెళ్లారు. ఖాతాలో 60 రోజులుండేవి, 20 మిగిలాయి. జూలై 1న మరో 15 జమ అయి 35 అయ్యాయి. జూలై 12, 13 శని, ఆదివారాలు. 14న చేరాలి. కానీ అక్కగారు ఇంకా లేవలేదు. ఆగస్టు 8, శుక్రవారం దాకా ఉండాల్సి వచ్చింది.

జూలై 14 నుంచి లెక్కేస్తే 26 రోజులే. కాని పొడిగిస్తే మధ్యలో పడ్డ ఆ శని, ఆదివారాలు కూడా సెలవులోకే వస్తాయి. కనుక 28 రోజులు ఖర్చు, మిగిలేది 7. దరఖాస్తులో “జూలై 12 నుంచి ఆగస్టు 8 వరకు” అని రాయాలి. విదేశంలో ఉండే గడువు పెంచడానికి కూడా అందులోనే అనుమతి కోరాలి. ఆసుపత్రి కాగితం అరబ్బీలో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. రోగి కాగితం పెట్టి కమ్యూటెడ్ సెలవు అడుగుతారు. అది ఉద్యోగి తన జబ్బుకు వైద్య ధ్రువపత్రం ఇస్తే వచ్చేది. బంధువు జబ్బు కారణం మాత్రమే అవుతుంది. ఈ.ఎల్. చాలకపోతే సగం జీతం సెలవు అడగవచ్చు. అదీ లేకుంటే జీతం లేని అసాధారణ సెలవు.

దరఖాస్తు పంపగానే సెలవు పెరిగినట్టు కాదు. మంజూరు చేసే అధికారి ఉత్తర్వు కావాలి. జవాబు రాలేదంటే ఒప్పుకున్నారని అర్థం కాదు. అందుకే గడువు తీరకముందే పంపి, చేరిందో లేదో కనుక్కుని, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. పొడిగింపు లేకుండా ఆగిపోతే ఆ రోజులకు జీతం రాదు. అయినా సగం జీతం సెలవు ఖాతాలో ఉన్నంతమేర ఆ రోజులు తగ్గించేస్తారు. అంటే సెలవూ పోతుంది, జీతమూ పోతుంది. కావాలనే రాలేదని తేలితే క్రమశిక్షణ చర్య కూడా ఉంటుంది.

మరో మాట. ఇక్కడ సెలవు పెరిగినంత మాత్రాన అక్కడ వీసా గడువు పెరగదు. దాని తేదీ విడిగా చూసుకుని, రెండూ సరిపోయేలా దరఖాస్తు పెట్టుకోండి.