వాగు అడ్డం వస్తే: ఆగాలా, తిరిగి రావాలా, చుట్టూ పోవాలా?



శ్రావణమాసం వచ్చిందంటే మనకు ప్రయాణాలు తప్పవు. పెళ్ళిళ్ళు, పేరంటాలు, అమ్మాయిని తీసుకురావటం, పెద్దవాళ్ళను చూసిరావటం. వానలు ముదిరేదీ అప్పుడే. నరసరావుపేట నుంచో, గుంటూరు నుంచో మాచర్లకు కారు కట్టుకుని బయలుదేరతాం. సగం దూరం పోయాక రోడ్డు మీద ఎర్రటి నీళ్ళు అడ్డంగా పోతూ కనిపిస్తాయి. ముందు సీట్లో వున్నవాళ్ళు "ఇంత నీళ్ళకేం, దాటేద్దాం" అంటారు. వెనక సీట్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది మనం. ఆ క్షణాన మనమేం అనాలి? ఈ పూట ఆ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

ముందు పల్నాడు వాగుల స్వభావం తెలుసుకోవాలి. నాగులేరు, చంద్రవంక వంటి వాగులు దక్షిణాన నల్లమల వైపు కొండల్లో పుట్టి, ఉత్తరంగా పారి కృష్ణలో కలుస్తాయి. పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడి పక్కన పారేది నాగులేరే. మాచర్ల పక్కగా పోయి ఎత్తిపోతల దగ్గర దూకేది చంద్రవంక. అక్కడి నేల చాలాచోట్ల నాపరాతి నేల. పైన మట్టి పలచన. కొండ మీద గట్టి వాన పడితే ఇంకేది తక్కువ, పరుగెత్తి వచ్చేది ఎక్కువ. ఏడాదిలో చాలా నెలలు ఇసకా రాళ్ళూ తేలి మేకలు మేసే వాగు ఒక్క గంటలో నిండిపోతుంది. మన నెత్తిన చినుకు లేకపోయినా సరే, పైన ఎక్కడో పడితే చాలు. ఎప్పుడూ ఎండి వుంటుంది గనకనే దానంటే మనకు భయం వుండదు. చిక్కంతా అక్కడే.

ఇలాంటి వాగుల మీద చాలా రోడ్లకు ఎత్తయిన వంతెనలు వుండవు. చప్టా వుంటుంది. అంటే వాగు అడుగున తూములు పెట్టి, పైన సిమెంటు వేసి, నీళ్ళెక్కువైతే దాని మీదుగా పొర్లిపోయేట్టు కట్టిన దారి. నీళ్ళు పొర్లుతున్నప్పుడు ఆ దారి మనుషులది కాదు, వాగుది.

"మోకాలి లోతే గదా!" అంటారు. మోకాలి లోతంటే ఏమిటో లెక్క వేసి చూద్దాం. చిన్న కారు బరువు సుమారు తొమ్మిది వందల కిలోలు. దాని అడుగుభాగం ఆరు చదరపు మీటర్లు వుంటుందనుకోండి. ఆ అడుగు నేలకు జానెడు కంటే తక్కువ ఎత్తులోనే వుంటుంది. నీళ్ళు ఆ అడుగును దాటి మరో పదిహేను సెంటీమీటర్లు లేచాయంటే, కారును పైకెత్తే బలం సుమారు తొమ్మిది వందల కిలోలు అవుతుంది. అంటే కారు బరువంతా నీళ్ళే మోస్తాయి. చక్రాలకు నేల మీద పట్టు వుండదు. రోడ్డు నుంచి కొలిస్తే ఇది ఇంచుమించు ఒక అడుగు నీళ్ళు, మోకాలికి లోపలే! తేలిన బండిని పక్కకు తోసెయ్యటానికి పారే నీటికి క్షణం పట్టదు. పైగా నీటి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. మనిషి సంగతి చెప్పక్కర్లేదు. పిక్కల లోతు నీళ్ళు జోరుగా పోతుంటే కాలు నిలవదు.

2024 ఆగస్టు 31న గుంటూరు జిల్లా పెదకాకాని దగ్గర ఉప్పలపాడులో జరిగింది చాలామందికి గుర్తుండే వుంటుంది. వానలకని బడికి సెలవిచ్చారు. ఉపాధ్యాయుడు ఒకరు ఇద్దరు పిల్లల్ని కార్లో ఎక్కించుకుని వాగు దాటబోయారు. కారు కొట్టుకుపోయి ముగ్గురూ చనిపోయారు. పిల్లల్ని క్షేమంగా ఇళ్ళకు చేర్చాలన్నదే ఆయన ఆలోచన. ఆ దారి రోజూ తెలిసినదే. తెలిసిన దారి అన్న ధైర్యమే మనుషుల్ని నీళ్ళలోకి దింపుతుంది.

కాబట్టి నీళ్ళు పారుతున్న చప్టా దాటటమన్నది మన ముందున్న దారుల్లో ఒకటి కాదు. దాన్ని పక్కన పెట్టండి. మిగిలినవి మూడు: ఆగటం, తిరిగి రావటం, చుట్టూ పోవటం. ఏది ఎప్పుడు?

ఆగాలంటే నీరు పెరుగుతోందా తీస్తోందా అన్నది తెలియాలి. కంటికి చూస్తే తెలియదు. నీటి అంచున, మనిషి దిగకుండా అందేచోట ఒక రాయి పెట్టండి. గడియారం చూసుకోండి. పావుగంటకు రాయి మునిగితే వాగు పెరుగుతోంది. రాయి పొడినేల మీద మిగిలి, దానికీ నీటికీ మధ్య తడి చార కనిపిస్తే తీస్తోంది. ఇంకో గుర్తుంది. నురగ, చెత్త, ముళ్ళకంపలు కొత్తగా కొట్టుకువస్తున్నాయంటే పైనుంచి నీరు ఇంకా ఎక్కుతోందని. ఎగువ వూళ్ళో తెలిసినవాళ్ళుంటే ఫోను చేసి "మీకక్కడ వాన వెలిసిందా?" అని అడగండి. చిన్న వాగు ఎంత తొందరగా పొంగుతుందో, పైన వాన వెలిస్తే అంత తొందరగానూ తీస్తుంది. కొన్ని గంటల పనే.

కాని అన్ని నీళ్ళూ అలా తియ్యవు. కృష్ణ నిండుగా వచ్చినప్పుడు, అందులో కలిసే వాగుకు పోయే తోవ వుండదు. వెనక్కి ఎగదన్నుతుంది. అమరావతి పక్కన పెదమద్దూరు వాగు దగ్గర బస్సులు ఆగిపోవటం మీరు పేపర్లలో చూసే వుంటారు. అలాంటి నీరు జోరుగా పారదు, కదలకుండా నిలిచినట్టుంటుంది. చూడటానికి సాధువే. అయితే నది తగ్గేదాకా తగ్గదు, రోజులు పట్టవచ్చు. అక్కడ ఆగి లాభం లేదు.

ఇక చుట్టుదారి. పల్నాడులో చాలామంది మోసపోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుటుంబం మధ్యాహ్నం రెండింటికి నరసరావుపేటలో బయలుదేరింది. మాచర్లలో రాత్రి తొమ్మిదింటికి ముహూర్తం. కారెంపూడి, దుర్గి మీదుగా పోదామనుకున్నారు. మూడున్నరకు కారెంపూడి దగ్గర వాగు పొంగి రోడ్డు మునిగింది. "అయితే వెనక్కి పోయి పిడుగురాళ్ల, గురజాల మీదుగా పోదాం" అన్నారు. ఆలోచన బాగానే వుంది. కాని ఒక్కసారి మనసులో పటం గీసుకోండి. నాగులేరు కారెంపూడి దగ్గర ఆగిపోదు. ఉత్తరంగా పారి దాచేపల్లి పక్కగా పోయి కృష్ణలో పడుతుంది. తూర్పున వున్న నరసరావుపేట నుంచి పడమరనున్న మాచర్లకు పోయేవాళ్ళు ఈ రెండు దోవల్లో ఏది పట్టినా ఆ నాగులేరును ఎక్కడో ఒకచోట దాటవలసిందే. దిగువకు పోయేకొద్దీ పిల్లవాగులన్నీ కలిసి నీరు ఇంకా ఎక్కువవుతుంది. అదీగాక, ఎగువన మూడున్నరకు చూసిన పొంగు దిగువకు చేరటానికి కొంత సమయం పడుతుంది. మనం ముప్పుతిప్పలు పడి అక్కడికి చేరేసరికి అదీ చేరుతుంది!

అందుకని చుట్టుదారి పట్టేముందు అడగవలసినది "ఎన్ని కిలోమీటర్లు?" అని కాదు. "ఈ వాగునే మళ్ళీ దాటాలా? దాటితే అక్కడున్నది ఎత్తయిన వంతెనా, చప్టానా?" అని. పెద్ద రోడ్డు మీద ఎత్తయిన వంతెన వుండి, ఇప్పుడే అటునుంచి బస్సులు వస్తున్నాయని రూఢిగా తెలిస్తే ఎంత చుట్టయినా అదే దోవ. చప్టా అయితే చుట్టుదారి అన్నది పేరుకే. ఫోనులో కనిపించే పటం దగ్గరి దారి చూపిస్తుంది గాని, చప్టా మీద ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో దానికి తెలియదు. పొలాల మధ్య అడ్డదారుల్లోకి అసలు పోకండి. ఈ విషయం బస్టాండులో వాళ్ళకు, ఎదురొచ్చే లారీ డ్రైవర్లకు తెలుస్తుంది. 112కు ఫోను చేసి పోలీసులనూ అడగవచ్చు.

ఒక్కోసారి అన్ని దోవలూ ఒకేసారి తెగుతాయి. 2016 సెప్టెంబరు 22న కురిసిన వానకు సత్తెనపల్లి, పిడుగురాళ్ల ప్రాంతంలో రోడ్లు మునగటమే కాదు, రైలు పట్టాల కింద కట్ట కూడా కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి. అలాంటి రోజున చుట్టుదారి వెతుక్కుంటూ తిరగటమంటే ఒక వాగుకూ ఇంకో వాగుకూ మధ్య చిక్కుకోవటమే.

తిరిగి రావటానికి కూడా ఒక గడువుంది, ఇది మరిచిపోతాం. మనం వచ్చిన దోవలోనూ వాగులున్నాయి గదా! వచ్చేటప్పుడు తూముల కింద నిండుగా పారినది, గంట తర్వాత రోడ్డెక్కి వుండవచ్చు. అందుకే వచ్చేటప్పుడే వాటిని లెక్క పెట్టుకోండి. పైన ఇంకా వాన పడుతుంటే ఆగవద్దు, వెంటనే వెనుదిరగండి. వాన వెలిసి, వెనక దోవ బాగుంటే ఆగవచ్చు.

ఇప్పుడు మన కుటుంబం సంగతి తేలుద్దాం. మూడున్నరకు రాయి పెట్టారు. నాలుగింటికి రెండుసార్లు చూశారు, రెండుసార్లూ మునిగింది. దక్షిణాన కొండల మీద ఇంకా నల్లగానే వుంది. ఆగటం కొట్టివేత. దాచేపల్లి, గురజాలల్లో చుట్టాలకు ఫోను చేశారు. పెద్ద రోడ్డు మీద వంతెన తెరిచే వుంది, బస్సులు వస్తున్నాయి అన్నారు. శ్రావణంలో చీకటి పడేది సుమారు ఆరున్నరకు. రెండున్నర గంటల వెలుతురుంది. ఆ వెలుతురులో వంతెన దాటగలిగితే చుట్టుదారి. అదే ఫోనులో "ఇక్కడా నీళ్ళెక్కుతున్నాయి" అని వచ్చినా, ఎవరూ దొరక్కపోయినా తిరిగి నరసరావుపేటకే. అదే ఐదున్నరకు వాగు దగ్గరికి చేరి వుంటే ఈ ఆలోచనే వద్దు. చీకట్లో రోడ్డెక్కడ ఆగి నీళ్ళెక్కడ మొదలయ్యాయో దీపాల వెలుగులో తెలియదు. దగ్గరి వూళ్ళో బడిలోనో, గుడి దగ్గరో వుండిపోవటమే.

ఆగినప్పుడు బండిని వాగులోకి దిగే పల్లంలో వుంచకండి. వెనక్కి, మిట్ట మీదికి తీసుకుపోయి, వచ్చిన దోవకు మొహం తిప్పి నిలపండి. పిల్లల్ని ఒడ్డుకు పోనివ్వకండి, కింద కోసుకుపోయిన ఒడ్డు పైకి గట్టిగానే కనిపిస్తుంది. "ట్రాక్టరు మీద దాటిస్తాం" అని ఎవరైనా వస్తే దణ్ణం పెట్టి వద్దనండి. ట్రాక్టరు బరువైనదే, కాని వెనక తొట్టి తేలితే ట్రాక్టరును కూడా లాక్కుపోతుంది. నీరు తీశాక కూడా చప్టా సిమెంటూ, పక్కరాళ్ళూ పూర్తిగా కనిపించేదాకా ఆగండి. నీళ్ళ కింద దిగువ అంచు కొట్టుకుపోయి గొయ్యి పడి వుండవచ్చు. పైనుంచి తెలియదు.

చివరగా ఒక మాట. బస్సులో వున్నప్పుడు డ్రైవరు ఆపితే "పోనివ్వవయ్యా, ఆలస్యమవుతోంది" అని మనలోనే ఎవరో ఒకరు అంటారు. ఆ మాట మన నోట రాకూడదు. కార్లో మగవాళ్ళు తొందరపడితే వాదన పెట్టుకోనక్కర్లేదు. "ఒక్క పావుగంట ఆగండి, రాయి పెట్టి చూద్దాం" అంటే చాలు. పావుగంట తర్వాత ఆ రాయే జవాబు చెబుతుంది. అక్షింతలు ముహూర్తానికి వెయ్యలేకపోతే మర్నాడు వెళ్ళి వేసి రావచ్చు.

సెలవు.