రాహు దశ: పల్లె దాటిస్తుందా, దారి తప్పిస్తుందా?

"అబ్బాయికి రాహు మహర్దశ పట్టిందండీ" అని జ్యోతిష్కుడు చెప్పగానే కొన్ని ఇళ్లలో శ్రీకాళహస్తి ప్రయాణం ఖాయమవుతుంది. ఇంకొన్ని ఇళ్లలో, "అయితే అమెరికా యోగం ఉందా?" అని అడుగుతారు. భయమూ ఆశా రెండూ ఒకే దశ మీద!

పాత జ్యోతిష గ్రంథాల్లో రాహు దశ ఫలితాలు చదివితే స్థానభ్రంశం, పరదేశవాసం, మనోవ్యథ పక్కపక్కనే కనిపిస్తాయి. ఊరు విడిచి, సముద్రం దాటి పోవడమంటే బంధువుల్నీ ఆచారాన్నీ వదులుకోవడమే అనుకున్న కాలం అది. ఇప్పుడు అదే పరదేశవాసం కోసం కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నాం. సూత్రం అలాగే ఉంది, మన కోరికే మారింది. అందుకే ఒకప్పుడు కీడుగా రాసిన ఫలితాన్ని నేటి జ్యోతిష్కుడు యోగంగా చదువుతున్నాడు.

రాహువు కంటికి కనిపించే గోళం కాదు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటి ఉత్తరానికి వెళ్లే బిందువు. అందుకే ఛాయాగ్రహం అన్నారు. సొంత ఫలితమంటూ పెద్దగా లేదనీ, ఏ రాశిలో ఉంటే ఆ రాశ్యధిపతి ఫలితాన్నీ, ఎవరితో కలిస్తే వారి ఫలితాన్నీ పెంచి ఇస్తాడనీ శాస్త్రం మాట. పెంచడమే అసలు చిక్కు. పురాణ కథలో అతనికి తల ఉంది గాని కడుపు లేదు. ఎంత మింగినా నిండదు. ఉద్యోగం రాగానే ఇంకో ఉద్యోగం, జీతం పెరగగానే మరో దేశం అనే తపనను రాహువుకు అంటగట్టడానికి ఈ కథే ఆధారం.

ఒక ఊహా జాతకం తీసుకుందాం. మేష లగ్నం, చంద్రుడు కృత్తికా నక్షత్రంలో సరిగ్గా సగం నడిచాడు. వింశోత్తరిలో కృత్తికకు అధిపతి రవి, అతని దశ 6 ఏళ్లు. సగం అయిపోయింది కాబట్టి పుట్టేసరికి 3 ఏళ్లు మిగిలాయి. తర్వాత చంద్ర దశ 10, కుజ దశ 7. అంటే 20వ ఏట రాహు దశ మొదలై, 18 ఏళ్లు సాగి 38కి ముగుస్తుంది. అదే పుష్యమిలో పుట్టినవారికైతే రాహు దశ అరవై ఏడు దాటితే గాని రాదు. ఆ వయసులో విదేశీ యోగమంటే మనవల్ని చూసుకోవడానికి వెళ్లడమే కావచ్చు.

మన కుర్రాడి జాతకంలో రాహువు ధనుస్సులో, అంటే తొమ్మిదో ఇంట ఉన్నాడు. ఇది దూరప్రయాణాలకూ పైచదువులకూ స్థానం. ధనుస్సుకు అధిపతి గురుడు. మేష లగ్నానికి పరదేశాన్ని చూపే పన్నెండో ఇంటికీ అతనే అధిపతి. అతను విద్యాస్థానమైన ఐదో ఇంట, సింహంలో కూర్చుని రాహువును చూస్తున్నాడు. చదువు పేరుతో దేశం దాటతాడని ఇక్కడే చెబుతారు. ఎప్పుడన్నది అంతర్దశ తేలుస్తుంది. రాహువులో రాహువు 2 ఏళ్ల 8 నెలల 12 రోజులు: కోరిక రగిలేదే గాని పని తెమలని కాలం. ఆ వెంటనే 2 ఏళ్ల 4 నెలల 24 రోజులు గురుడి అంతర్దశ. ప్రయాణాన్ని జ్యోతిష్కుడు ఇక్కడ పెడతాడు. అయితే పన్నెండు వ్యయస్థానం కూడా కనుక, చదువు అప్పునూ అక్కడే చూస్తాడు.

అయోమయం కోసం ముఖ్యంగా రెండు అంతర్దశలు చూస్తారు. ఒకటి ఏడాదిపైన 18 రోజుల కేతువు: రాహువుకు ఎదురుగా ఉండేవాడు కాబట్టి, ముందుకా వెనక్కా తేలని ఊగిసలాట. రెండోది ఏడాదిన్నర చంద్రుడు: మనసుకు కారకుడు కనుక దాన్ని మానసిక గ్రహణంగా చూస్తారు. మన జాతకంలో చంద్రుడు వృషభంలో ఉచ్చలో ఉన్నాడు, కాబట్టి తీవ్రత తక్కువంటారు.

ఈ తేదీలను క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకునే ముందు రెండు విషయాలు. జనన సమయం గంట తప్పితే చంద్రుడు అర డిగ్రీ జరుగుతాడు. ఈ జాతకంలో రాహు దశ ఆరంభం దాదాపు 3 నెలలు కదులుతుంది. ఏడాదికి 360 రోజులా, 365 రోజుల పైచిలుకా అన్న లెక్క తేడాకే దశ ముగిసే నాటికి ఆరు నెలలు అటూ ఇటూ అవుతాయి. ఇద్దరు జ్యోతిష్కులు వేర్వేరు తేదీలు చెప్పడానికి ఇలాంటివే కారణాలు. పైగా 20 నుంచి 38 వరకు ఏ గ్రహ దశ నడిచినా కుర్రాళ్లకు ఆశ, తిరుగుడు, తికమక ఉండనే ఉంటాయి. వాటిలో రాహువు వాటా ఇంతని వేరుచేసి చూపే పరీక్ష ఏదీ లేదు. అప్పు తీసుకోవాలా వద్దా, ఏ కాలేజీలో చేరాలన్నది ఈ చక్రంలో కాదు, ఫీజుల పట్టికలో చూసుకోవాల్సిన సంగతి.