సంవత్సరీకం నాడు స్నేహితుడి ఇంటికి నాలుగు మాటలు

స్నేహితుడు పోయి ఏడాది అవుతుంది. ఆ రోజు వాళ్లింటికి ఏదో ఒకటి రాయాలని ఉంటుంది. ఫోను చేతిలోకి తీసుకుంటాం, ఏం రాయాలో తెలియదు. చివరికి ఎవరో పంపిన దీపం బొమ్మ, దాని కింద 'ఆయన ఆత్మకు శాంతి కలగాలి' అన్న మాట ముందుకు తోసేసి ఊరుకుంటాం. ఆ మాటలో తప్పేమీ లేదు. కాకపోతే అది పోయిన రోజున చెప్పే మాట. ఏడాది తర్వాత ఆ ఇంటివాళ్లకు కావలసింది వేరే.

వాళ్లకు ఆ మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడో తెలుసు. ఎప్పుడు కోప్పడేవాడో, కూరలో ఉప్పు తగ్గితే ఏమనేవాడో అన్నీ తెలుసు. గడప దాటాక ఎలా ఉండేవాడో మాత్రం చాలా ఇళ్లలో సగమే తెలుస్తుంది. ఆ మిగిలిన సగం స్నేహితుల దగ్గర ఉంటుంది. అందులోంచి ఒక్క గుణం, దానికి సాక్ష్యంగా ఒక్క సంఘటన రాసి పంపితే చాలు. 'మంచివారు, నిజాయితీపరులు, దయాగుణం కలవారు, పరోపకారి' అని వరుసగా రాసుకుంటూ పోతే అందులో మనిషి కనబడడు. ఆ మాటలు ఊళ్లో కట్టే ఏ ఫ్లెక్సీకైనా సరిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆర్టీసీలో డ్రైవరు ఒకాయన, తనతో ఏళ్ల తరబడి ఒకే సర్వీసు చేసిన కండక్టరు భార్యకు మెసేజ్ పెట్టాలనుకున్నాడు. కండక్టరు తనకంటే పెద్దవాడు కాబట్టి ఆమెను వదినా అనే పిలుస్తాడు. మొదట 'అన్నది చాలా నిజాయితీ' అని రాశాడనుకోండి. అది నిజమే కావచ్చు, కానీ ఏ కండక్టరు గురించయినా రాయొచ్చు. ఆ నిజాయితీ ఎక్కడ కనిపించిందని తనను తాను అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్టు వెనక ఇవ్వాల్సింది రాసిస్తాడు. దిగే హడావిడిలో చాలామంది దాన్ని అడగడం మరిచిపోతారు. ఈయన మాత్రం స్టాపు వచ్చేలోపే చిల్లర సిద్ధం చేసుకుని, ఎవరికి ఇవ్వాలో వాళ్లను పేరు పెట్టి పిలిచినట్టు పిలిచి మరీ ఇచ్చేవాడు. ఒకరి సొమ్ము తన సంచిలో మిగిలితే ఆయనకు తోచేది కాదు. రాయాల్సిన గుణం అదీ.

అప్పుడు మెసేజ్ ఇలా తయారవుతుంది:

'వదినా, రేపు అన్న సంవత్సరీకం అని గుర్తుంది. ఒక సంగతి మీకూ, అమ్మాయికీ చెప్పాలనిపించింది. ఒకసారి ఒక ముసలమ్మ చిల్లర తీసుకోకుండా దిగిపోయింది. మర్నాడు ఆ ఊరు రాకముందే అన్న 40 రూపాయలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె రాలేదు. స్టాపు దగ్గర కిళ్లీకొట్టు అతనికి ఇచ్చి, ఆమెకు అందిందా లేదా అని ఆ తర్వాత మళ్లీ అడిగాడు. అలాంటి మనిషితో కలిసి పనిచేశాను. మీరు పనుల్లో ఉంటారు, జవాబు పెట్టనక్కర్లేదు.'

ఇందులో దుఃఖం అన్న మాట లేదు, తీరని లోటు అన్న మాటా లేదు. లోటు ఎంతో వాళ్లకు తెలుసు, మనం కొలిచి చెప్పనక్కర్లేదు. చివరి వాక్యం చిన్నదే అయినా తీసేయకూడదు. ఆ రోజు వచ్చిన ప్రతి మెసేజ్‌కీ నమస్కారం పెట్టడం ఆ ఇంటివాళ్లకు ఒక పనిలా తయారవుతుంది. ఆ భారం మనమే దించాలి.

ఒక జాగ్రత్త. 40 రూపాయలో 60 రూపాయలో సరిగ్గా గుర్తులేకపోతే 'కాస్త చిల్లర' అని రాయాలి. కథ బాగుంటుందని మనం కల్పించిన అంకెను రేపు ఆ అమ్మాయి తన పిల్లలకు చెబుతుంది. అలాగే ఇంట్లో తెలియని అప్పులు, తాగుడు, ఆఫీసు గొడవలు, ఆసుపత్రి చివరి రోజులు ఎంత ప్రేమగా రాసినా వద్దు. 'నాకు కష్టంలో 20 వేలు సర్దాడు' అని రాసేముందు అది తిరిగి ఇచ్చామా లేదా చూసుకోవాలి. ఇవ్వకపోతే ముందు డబ్బు పంపించి, మెసేజ్ ఆ తర్వాత. పిల్లలకు రాసేటప్పుడు 'మీరూ నాన్నలా ఉండాలి' అని ముక్తాయించడం కొందరికి అలవాటు. జ్ఞాపకం చెప్పడానికి వచ్చి పాఠం చెప్పి వెళ్లినట్టు ఉంటుంది. వర్ధంతికి 'శుభాకాంక్షలు' చెప్పేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఏ రోజు పంపాలన్నది. ఇక్కడే చాలామంది తడబడతారు. మనకు ఇంగ్లీషు తేదీ గుర్తుంటుంది. ఆబ్దికం పెట్టే ఇళ్లలో మాత్రం మాసం, పక్షం, తిథి చూస్తారు. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి తిథి మరుసటి ఏడాది సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. మధ్యలో అధికమాసం వస్తే మళ్లీ వెనక్కి పోతుంది. కృష్ణాష్టమిని చూస్తే తెలుస్తుంది. 2024లో ఆగస్టు 26న వచ్చింది, 2025లో ఆగస్టు 16నే వచ్చేసింది. అంతకుముందు 2023లో అధిక శ్రావణం రావడంతో సెప్టెంబరులోకి వెళ్లింది. మీ స్నేహితుడి తిథి కూడా అలాగే కదులుతుంది. కాబట్టి కొద్ది రోజుల ముందు బంధువుల్లో ఒకరిని 'తిథి ఎప్పుడు వచ్చింది?' అని అడగడం మంచిది. ఆ ఇంట్లోవాళ్లనే అడిగితే భోజనానికి పిలవమన్నట్టు ఉంటుంది. క్రైస్తవుల ఇళ్లలో జ్ఞాపకార్థ కూడిక ఎక్కువగా తేదీ ప్రకారమే జరుగుతుంది, కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు.

తిథి నాడు పొద్దున్నే పంపడం కంటే ముందు రోజు సాయంత్రం పంపడమే నాకు నచ్చుతుంది. ఆ ఉదయం మడి, వంట, పురోహితుడి కోసం ఎదురుచూపులు. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఫోను ఎవరూ చూడరు. ముందు రోజు రాత్రి మాత్రం ఆ ఇల్లు కాస్త ఖాళీగా ఉంటుంది, మనసు ఆయన చుట్టూనే తిరుగుతుంటుంది.

కుటుంబం వాట్సాప్ గ్రూపులో కాకుండా భార్యకో, కొడుకుకో, కూతురికో విడిగా పంపాలి. గ్రూపులో పెడితే దాని కింద యాభై దండాల బొమ్మలు పడి మాట కిందికి పోతుంది. వాళ్లకు నచ్చితే వాళ్లే పదిమందికీ చూపించుకుంటారు. తల్లి చదవలేని మనిషి అయితే అదే సంగతి నిమిషంలోపు గొంతుతో రికార్డు చేసి పంపాలి. పేరు తెలియని నంబరు నుంచి వెళ్తుంటే మీరెవరో మొదటి వాక్యంలోనే చెప్పాలి, లేకపోతే చదువుతున్నంతసేపూ ఎవరా అనే ఆలోచిస్తారు.

ఒకే మెసేజ్‌లో నాలుగు గుణాలూ ఖర్చు చేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. మొదటి సంవత్సరీకానికి ఫోన్లు, బంధువులు, భోజనాలు అన్నీ ఉంటాయి. రెండో ఏడాది సగం తగ్గిపోతాయి. మూడో ఏడాదికి ఆ తేదీ ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండదు. రాయాల్సిన అవసరం అప్పుడే ఎక్కువ. ఈసారి చిల్లర కథ చెప్పిన డ్రైవరు వచ్చే ఏడాదికి ఇంకొకటి దాచుకోవాలి. కొత్త క్యాలెండరు గోడకు తగిలించిన రోజునే మీ స్నేహితుడి తిథి దగ్గర ఆయన పేరు రాసిపెట్టుకోండి.