పదిహేను నిమిషాల్లో ముప్ఫై ఎనిమిదేళ్లు

పెట్టుబడి చిన్న వయసులోనే ఎందుకు మొదలుపెట్టాలో కాలేజీ పిల్లలకు చెప్పడానికి పదిహేను నిమిషాలే దొరికాయనుకోండి. బోర్డు మీద ఒక్క లెక్క వేస్తే చాలు. అయితే వేసి చప్పట్లు కొట్టించుకుని దిగిపోకూడదు. ఆ లెక్క ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో కూడా అక్కడే తేల్చాలి.

సుజాత, రమేశ్ ఒకే బ్యాచ్‌లో చదివారనుకుందాం. సుజాత 22 ఏళ్లకు ఉద్యోగంలో చేరి ఏడాదికి 24,000 రూపాయలు, అంటే నెలకు రెండు వేల లెక్కన దాచడం మొదలుపెట్టింది. పదేళ్లు కట్టి ఆపేసింది. డబ్బు మాత్రం కదపలేదు. ఆమె ఆపిన ఏడాది, 32 ఏళ్ల వయసులో రమేశ్ మొదలుపెట్టాడు. అంతే మొత్తం ఏటా కడుతూ 60 ఏళ్లదాకా, అంటే 28 ఏళ్లు ఆగకుండా కట్టాడు. ఆమె జేబులోంచి పోయింది 2.40 లక్షలు, అతని జేబులోంచి పోయింది 6.72 లక్షలు. ఏడాదికి 10 శాతం చొప్పున పెరిగిందనుకుంటే, 60 ఏళ్లకు సుజాత దగ్గర సుమారు 55 లక్షలు, రమేశ్ దగ్గర 32 లక్షలు ఉంటాయి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. పిల్లలు ఆశ్చర్యపోతారు గానీ, ఎందుకలా అయిందో వాళ్లకు అర్థం కాదు. అర్థం కావాలంటే సుజాత ఖాతాను మధ్యలో తెరిచి చూడాలి. పదేళ్లు కట్టాక ఆమె దగ్గరున్నది 3.82 లక్షలే. అందులో లాభం లక్షా నలభై వేలు. పదేళ్ల ఓపికకు అదేమంత గొప్పగా కనిపించదు, చాలామంది విసుగెత్తి డబ్బు తీసేసేది కూడా అక్కడే. ఆమెకు 53 ఏళ్లు వచ్చేసరికి ఖాతాలో ఉండేది సుమారు 28 లక్షలు. అంటే 31 ఏళ్లకు సగం వస్తే, మిగతా సగం చివరి ఏడేళ్లలో వచ్చింది. ఆఖరి ఒక్క ఏడాదిలోనే అయిదు లక్షలు పెరిగింది, ఆమె మొత్తం కట్టినదానికి రెట్టింపు.

కిటుకంతా ఇక్కడుంది. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 10 శాతమైతే ఏడేళ్ల చిల్లర. ఏడేళ్లు ముందు మొదలుపెట్టినవాడికి మొదట్లో అదనంగా కనిపించేది కొద్దిపాటి సొమ్మే. కానీ మొదట్లో కలిసిన ఆ ఏడేళ్లు చివర్లో ఒక రెట్టింపుగా బయటపడతాయి. ఆలస్యం చేసినవాడు పోగొట్టుకునేది ఆ ఆఖరి రెట్టింపునే.

ఇప్పుడు తెలివైన విద్యార్థి ఎవరో ఒకరు లేచి అడగాలి, అడక్కపోతే మనమే అడగాలి: ఆ 10 శాతం ఎవరిస్తారు? రాసిచ్చేవారు ఎవరూ లేరు. అదే లెక్కను 6 శాతంతో మళ్లీ వేయండి. సుజాతకు 16.2 లక్షలు, రమేశ్‌కు 16.4 లక్షలు వస్తాయి. అతనే కాస్త ముందుంటాడు. ముందు మొదలుపెట్టి ఆపేసినా గెలుస్తారన్న కథ వడ్డీ రేటు మీద ఆధారపడి ఉంది. రేటు తగ్గేకొద్దీ కాలం బలం తగ్గి, క్రమం తప్పకుండా కట్టడం బలం పెరుగుతుంది. కాబట్టి సుజాత నుంచి నేర్చుకోవాల్సింది ముందు మొదలుపెట్టడమే, పదేళ్లకు ఆపేయడం కాదు.

దీర్ఘకాలంలో ఎక్కువ రాబడి ఆశించేవారు షేర్ల వైపు, అంటే సామాన్యుడికైతే ఇండెక్స్ ఫండ్ల వైపు చూస్తారు. అక్కడ దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది. 2008 జనవరిలో 21 వేల దరిదాపుల్లో ఉన్న సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల చిల్లరకు పడిపోయింది, నూటికి అరవై పోయినట్టు. ఖాతాలో యాభై వేలే ఉన్న కుర్రాడికి అలాంటి పతనంలో కాగితం మీద పోయేది ముప్ఫై వేలు. పైగా తర్వాత కట్టే ప్రతి వాయిదాకూ యూనిట్లు చవగ్గా దొరుకుతాయి. యాభై లక్షలున్న 59 ఏళ్ల మనిషికి పోయేది ముప్ఫై లక్షలు, మళ్లీ కూడబెట్టుకునే వ్యవధీ ఉండదు. చిన్న వయసు ఇచ్చే రెండో లాభం ఇది: ఖాతా చిన్నగా ఉన్నప్పుడే పతనాలను చూసి తట్టుకోవచ్చు. డబ్బు అవసరమయ్యే రోజు దగ్గరపడేకొద్దీ కొంతకొంతగా భద్రమైన చోటికి మార్చుకోవాలి. కాలం అన్నిటినీ సరిచేస్తుందనీ అనుకోకూడదు. జపాన్ నిక్కీ సూచీ 1989 చివర్లో తాకిన ఎత్తును మళ్లీ దాటింది 2024లోనే.

ఇక 55 లక్షల దగ్గరికి వద్దాం. 38 ఏళ్లపాటు ధరలు ఏటా 6 శాతం పెరిగితే, ఆనాటి 55 లక్షలతో కొనగలిగేది ఈనాటి ఆరు లక్షలతో కొనగలిగినంతే. ఈ మాట దాచిపెట్టి కోట్ల లెక్కలు చూపించేవాళ్లను నమ్మకండి. కట్టిన సొమ్ము ధరలను దాటి పెరిగింది నిజమే, కానీ నెలకు రెండు వేలతో ముసలితనం గడిచిపోదు. జీతం పెరిగినప్పుడల్లా వాయిదా కూడా పెంచుకుంటూ పోవాలి.

ఖర్చుల సంగతి కూడా అంతే. ఫండ్ సంస్థ నిర్వహణకు తీసుకునే ఎక్స్‌పెన్స్ రేషియోలో ఒక్క శాతం తేడా చూడ్డానికి అల్పంగా ఉంటుంది. సుజాతకు 10 బదులు 9 శాతమే చేతికి వస్తే 55 లక్షలు 41 లక్షలవుతాయి. కాలం లాభాన్ని పెంచినట్టే ఖర్చునూ పెంచుతుంది. మధ్యవర్తి కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్‌లో ఈ రేషియో తక్కువగా ఉంటుంది. కొనేముందు రెండు ప్లాన్ల అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చక్రవడ్డీ అప్పు వైపు నుంచి కూడా తిరుగుతుంది. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే, అంటే ఏడాదికి 24 శాతమంటేనే భయపడతాం. నెలకు మూడున్నర శాతం వేసే క్రెడిట్ కార్డు బాకీ మూడున్నర రూపాయల వడ్డీ కిందే లెక్క. అది ఉంచుకుని 10 శాతం కోసం పెట్టుబడి పెట్టడం నష్టం, ముందు అప్పు తీర్చాలి. ముందు మొదలుపెట్టడమంటే ఫోన్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడటమూ కాదు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి, ఆ వ్యాపారంలో ఉన్న వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ తేల్చింది.

మిగిలిన రెండు నిమిషాలు ఈ వారంలోనే చేయగలిగిన పనికి. జీతం లేని విద్యార్థి కూడా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్ ఖాతా తెరవవచ్చు. ఏటా 500 రూపాయలు కడితే ఖాతా బతికి ఉంటుంది. వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. గడువు పదిహేనేళ్లు, తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి లెక్క. ఇరవై ఏళ్లకు తెరిచి ఏటా ఐదొందలే కట్టినా మొత్తం ఎనిమిది వేలు దాటదు. కానీ ముప్ఫై మూడేళ్లు వచ్చి జీతం బాగా పెరిగాక, అదే ఖాతాలో ఏటా లక్షన్నర వరకు వేసుకోవచ్చు. ఆ సొమ్ముకు గడువు రెండు మూడేళ్లే మిగిలి ఉంటుంది. తర్వాత అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. అదే వయసులో కొత్తగా ఖాతా తెరిచిన మిత్రుడు మాత్రం పదిహేనేళ్లు మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి.